నాన్న రేకు డబ్బాలో పాత పాసుపుస్తకాలు: ఇప్పుడు ఏ బ్యాంకుకి వెళ్ళాలి?

ప్రశ్న: మాది కావలి. నాన్న ఎరువుల కొట్టు నడిపేవారు. 71 ఏళ్ల వయసులో ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆయన రేకు డబ్బాలో పినాకిని గ్రామీణ బ్యాంకు పాసుపుస్తకం (చివరి ఎంట్రీ 2004), 2009 జూన్‌లో ఆంధ్రా బ్యాంకులో వేసిన 50 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, 1994 నాటి ఎల్ఐసీ బాండు, కొన్ని ప్రీమియం రసీదులు దొరికాయి. ఆ ఏజెంటూ ఇప్పుడు లేరు. ఆంధ్రా బ్యాంకు బోర్డే కనిపించడం లేదు. ఉద్గమ్ అనే వెబ్‌సైట్‌లో నాన్న పేరు కొడితే ఏమీ రాలేదు. ఒకాయన ఇరవై శాతం ఇస్తే అన్నీ తెప్పిస్తానంటున్నాడు. అమ్మకి ఇవన్నీ టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒంగోలులో ఉంటున్న ఒక కూతురు)

సమాధానం:

అమ్మా, మీ చేతిలో ఉన్న కాగితాలు తక్కువేం కాదు. బ్యాంకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి డబ్బాలు పట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఎక్కువమంది దగ్గర మీకున్నంత ఆధారం కూడా ఉండేది కాదు. ఆ ఇరవై శాతం ఆయనకి మాత్రం ఈ రోజే ‘వద్దు’ అని చెప్పేయండి. ఆయన చేయబోయే పనిలో మీరు చేయలేనిది ఏదీ లేదు. పైగా మీ నాన్నగారి ఆధార్, పాన్ జిరాక్సులు, మీ అమ్మగారి సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు బయటివాళ్ల చేతికి వెళ్ళడం మంచిది కాదు. వెతకడానికి బ్యాంకుగానీ, ఎల్ఐసీగానీ, రిజర్వు బ్యాంకుగానీ పైసా తీసుకోవు.

ముందు ఉద్గమ్ సంగతి చెప్తాను. అందులో ఏమీ రాలేదని మీరు నిరుత్సాహపడినట్టున్నారు. ఎవరూ అడగకుండా మిగిలిపోయిన డిపాజిట్లు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు దీన్ని 2023 ఆగస్టులో మొదలుపెట్టింది. పదేళ్లపాటు ఎవరూ కదిలించని ఖాతాల డబ్బుని బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపించాలి. దాని పేరు డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్, 2014లో పెట్టారు. ఉద్గమ్‌లో కనిపించేది ఆ నిధికి వెళ్ళిన డబ్బు మాత్రమే. మీ నాన్నగారు అయిదారేళ్ల క్రితం ఎక్కడైనా ఖాతా తెరిచి వదిలేసి ఉంటే అది అందులో కనిపించదు. ముప్పై బ్యాంకులు అందులో ఉన్నాయి. వదిలేసిన డిపాజిట్లలో అధిక భాగం ఆ బ్యాంకులదే అయినా, మన జిల్లాల్లో జనం ఎక్కువగా వాడిన గ్రామీణ బ్యాంకు, సహకార బ్యాంకు, ఊరి సొసైటీ ఖాతాలు తేల్చుకోవడానికి దాన్ని నమ్ముకుని కూర్చోలేం. కాబట్టి ‘ఏమీ రాలేదు’ అంటే ‘ఏమీ లేదు’ అని అర్థం కాదు.

ఇంకో కారణం పేరు. మన పేర్లని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. 2004కి ముందు ఖాతా తెరిచిన గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట పొడి అక్షరం ముందు, ఇంకోచోట వెనక. ఉదాహరణకి వెంకట సుబ్బయ్య అనే పేరు తీసుకుంటే ఇన్ని రకాలుగా ఉండొచ్చు:

```
K VENKATA SUBBAIAH
VENKATA SUBBAIAH K
K VENKATASUBBAYYA
K V SUBBAIAH
SUBBAIAH KV
```

ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుని పక్కనపెట్టి పాసుపుస్తకం మీద, డిపాజిట్ రసీదు మీద ఉన్న స్పెల్లింగు చూసి అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. udgam.rbi.org.in లో పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ వీటిలో ఏదో ఒకటి అడుగుతుంది. పాత ఖాతాలకి పాన్ ఇచ్చి ఉండరు. పుట్టిన తేదీ కూడా చాలా వాటికి నమోదై ఉండదు, ఉన్నా జులై 1 అనో జనవరి 1 అనో వేసి ఉంటారు. అందుకని పాన్‌తో ఒకసారి, పుట్టిన తేదీతో ఒకసారి, అవేవీ కాకపోతే చిరునామాతో ఒకసారి వెతకండి. చిరునామా అంటే ఇప్పటి ఇల్లు కాదు, ఖాతా తెరిచిన రోజుల్లో ఉన్న ఇల్లు. అప్పుడు కొట్టు చిరునామా ఇచ్చారేమో అమ్మగారిని అడగండి. దొరికితే యూడీఆర్ఎన్ అనే నంబరొకటి, బ్యాంకు పేరు కనిపిస్తాయి. ఎంత డబ్బుందో చూపించదు, అది బ్యాంకులోనే తెలుస్తుంది.

ఇప్పుడు బోర్డు మారిన బ్యాంకులు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. మీ రసీదుకి జవాబు చెప్పాల్సింది యూనియన్ బ్యాంకే. ఒకే ఊళ్ళో దగ్గరదగ్గరగా ఉన్న బ్రాంచీలని తరవాత కలిపేసిన చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి పాత భవనం కనిపించకపోయినా కంగారు పడకండి. కావలిలో ఉన్న యూనియన్ బ్యాంకు బ్రాంచిలో పాత ఖాతా నంబరు చూపిస్తే చాలు.

పినాకిని గ్రామీణ బ్యాంకు కథ కొంచెం పొడవు. సిండికేట్ బ్యాంకు స్పాన్సర్‌గా, నెల్లూరు కేంద్రంగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నడిచింది. 2006లో రాయలసీమ, శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. అది కూడా 2025 మే 1న రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. స్పాన్సర్ సిండికేట్ కదా, అది కెనరాలో కలిసింది కదా అని కెనరా బ్యాంకుకి వెళ్ళి తిరిగొచ్చేవాళ్లుంటారు. గ్రామీణ బ్యాంకు వేరు, దాని స్పాన్సర్ వేరు. మీరు వెళ్ళాల్సింది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుకి.

ఈ పాసుపుస్తకం విషయంలో ఒక చిక్కుంది. 2004 నాటి ఖాతాకి పొడుగాటి నంబరు ఉండదు. ‘ఎస్‌బీ 1123’ లాంటి పొట్టి నంబరు, పక్కనే లెడ్జరు పేజీ నంబరు చేత్తో రాసి ఉంటాయి. కౌంటర్లో ఉన్న కుర్రాడు దాన్ని కంప్యూటర్లో కొట్టి ‘ఇలాంటి ఖాతా లేదండీ’ అనేస్తాడు. అతని తప్పేం లేదు, అతను చేరేటప్పటికే లెడ్జర్లు పోయాయి. మీరు మేనేజరు దగ్గరికి వెళ్ళి ‘కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు పాత నంబరుకి కొత్త నంబరు ఇచ్చి ఉంటారు కదా సార్, ఆ జాబితాలో చూడండి, పదేళ్లు దాటి పంపించేసిన ఖాతాల జాబితాలో కూడా చూడండి’ అని అడగండి. ఖాతా ఆ నిధికి వెళ్ళిపోయినా బ్యాంకు పుస్తకాల్లో దాని వివరం ఉండాలి. అడిగిన వారసులకి బ్యాంకే ముందు ఇచ్చి, తరవాత నిధి నుంచి తిరిగి తెచ్చుకుంటుంది. రిజర్వు బ్యాంకుకి మీరు రాసుకోవాల్సిన పని లేదు. ఆ డబ్బు అడగడానికి గడువు కూడా లేదు.

బ్యాంకుకి వెళ్ళినప్పుడు నోటితో అడగడం ఒకటి, కాగితం ఇవ్వడం ఒకటి. దరఖాస్తులో ఇలా రాయండి: ‘మా నాన్నగారి పేరు మీద, ఆయన కస్టమర్ ఐడీ కింద, ఈ బ్యాంకు అన్ని బ్రాంచీల్లో ఉన్న సేవింగ్స్, డిపాజిట్, లాకరు, అప్పు ఖాతాలన్నిటి వివరాలు ఇవ్వగలరు.’ ఒక్క ఖాతా గురించే అడిగితే ఒక్క దానికే జవాబు వస్తుంది. పాన్, ఆధార్, ఫోన్ నంబరు మూడిటితోనూ వెతకమని అడగండి, ఎందుకంటే ఒకే మనిషికి రెండు కస్టమర్ ఐడీలు పడి ఉండటం పాత ఖాతాల్లో మామూలే. మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేయండి. జిరాక్స్ మీద తేదీతో బ్యాంకు స్టాంపు వేయించుకోండి. ఈ స్టాంపు తరవాత పనికొస్తుంది, ఎందుకో చెప్తాను.

డిపాజిట్ రసీదు దగ్గరికి వద్దాం. దాన్ని తిరగేసి వెనకవైపు చూడండి. రెన్యువల్ చేస్తే అక్కడ కొత్త తేదీ, మేనేజరు పొట్టి సంతకం ఉంటాయి. దాని మీద అప్పు తీసుకుని ఉంటే లీన్ అని ముద్ర ఉంటుంది. ముందే విరగ్గొట్టి డబ్బు తీసుకుని ఉంటే రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి అసలు రసీదు బ్యాంకుకి ఇచ్చేసి ఉండాలి. అసలు రసీదు ఇంకా మీ దగ్గరే ఉంది, వెనక ఏమీ లేదు అంటే డబ్బు తీసుకోలేదనడానికి బలమైన గుర్తు. రసీదు పోయిందని రాసిచ్చి తీసుకున్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఖాయం అని మాత్రం అనలేను. ఇంకో మాట, దాన్ని లామినేషన్ చేయించకండి. చేయిస్తే వెనక సంతకం పెట్టడానికి చోటుండదు.

ఎంత రావచ్చు? రసీదు మీద మూడేళ్లు, ఏడు శాతం అని ఉందనుకుందాం. అలాగైతే 2012 జూన్‌కి 50 వేలు దాదాపు 61,500 అవుతుంది. తరవాత ఎవరూ రెన్యువల్ చేయకపోతే డిపాజిట్ వడ్డీ ఆగిపోయి సేవింగ్స్ వడ్డీ స్థాయికి దిగిపోతుంది. ఉజ్జాయింపుగా మూడున్నర శాతం బారువడ్డీ వేసుకుంటే పదేళ్లకి, అంటే 2022 నాటికి, 83 వేల దగ్గరకి వస్తుంది. అప్పుడు ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళి ఉంటుంది. అక్కడ వచ్చేది మూడు శాతం బారువడ్డీ, అంటే ఏడాదికి రెండున్నర వేలకి కాస్త తక్కువ. మొత్తం 90 వేల చుట్టుపక్కల. రసీదు మీద వడ్డీ, గడువు వేరే ఉంటే లెక్క మారుతుంది. ఆటోమేటిక్ రెన్యువల్ రాసిచ్చి ఉంటే ఇంకా ఎక్కువే రావచ్చు. ‘అప్పటి యాభై వేలు ఇప్పుడు నాలుగు లక్షలు’ అని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

డబ్బు ఎవరికిస్తారన్నది నామినీ మీద ఆధారపడుతుంది. రసీదు మీద ‘నామినేషన్ రిజిస్టర్డ్’ అని ఉంటే, నామినీ అమ్మగారైతే, క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, అమ్మగారి గుర్తింపు కార్డు చాలు. నామినీ లేకపోయినా కోర్టు సర్టిఫికెట్ తెమ్మని మిమ్మల్ని తిప్పకూడదు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం మామూలు వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు సులువు పద్ధతిలోనే ఇచ్చేయాలి. వారసుల్లో గొడవ ఉంటేనో, వీలునామా మీద తగువుంటేనో తప్ప. రేపు ఇంకెవరైనా హక్కు అడిగితే మేమే భరిస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు ఒకటి, డబ్బు తీసుకోని మిగతా వారసుల ‘అభ్యంతరం లేదు’ కాగితం అడుగుతారు. మీరు, మీ తోబుట్టువులు ఎవరైనా ఉంటే వాళ్లు, అందరూ ఒకేసారి సంతకాలు చేసుకుంటే రెండో ట్రిప్పు తప్పుతుంది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు పరిష్కరించాలి. ఇందాక స్టాంపు వేయించుకోమన్నది ఇందుకే, ఆ పదిహేను రోజులు ఎప్పట్నుంచో చూపించడానికి మీ చేతిలో రుజువుండాలి.

ఎల్ఐసీ బాండు గురించి చాలామంది ‘ప్రీమియం మధ్యలో ఆపేశారు, ఇంకేం వస్తుంది’ అని పారేస్తారు. అది పొరపాటు. మీ నాన్నగారి లాంటి పాత ఎండోమెంట్ పాలసీలో మూడేళ్ల ప్రీమియం పూర్తిగా కట్టి ఉంటే ఆపేసినా అది చచ్చిపోదు, పెయిడప్ అవుతుంది, అంటే కట్టినంత మేరకు నిలిచి ఉంటుంది. బాండు మొదటి పేజీలో మూడు విషయాలు చూడండి: బీమా మొత్తం, ఎన్నేళ్ల పాలసీ, ఎన్నేళ్లు కట్టాలి. 50 వేల పాలసీ, ఇరవై ఏళ్లు, ఏడాదికోసారి కట్టే ప్రీమియం, డబ్బాలో ఉన్న చివరి రసీదు 2002ది అనుకుందాం. తొమ్మిదేళ్లు కట్టినట్టు. ఇరవైలో తొమ్మిది వంతులు అంటే 22,500, దాని మీద ఆ తొమ్మిదేళ్లలో జమైన బోనసు. పాలసీ గడువు 2014లో తీరిపోయింది కాబట్టి ఇది ఇప్పుడు మరణ క్లెయిమ్ కాదు, నాన్నగారు బతికుండగా తీసుకోకుండా మిగిలిపోయిన మెచ్యూరిటీ డబ్బు. పదేళ్లు దాటాక ఇలాంటి డబ్బుని ఎల్ఐసీ కేంద్రం పెట్టిన సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కి పంపిస్తుంది. అలా వెళ్ళినా 25 ఏళ్ల వరకు ఎల్ఐసీ ద్వారానే అడిగి తీసుకోవచ్చు.

బాండు మీ చేతిలో ఉండటం ఇక్కడా మంచి గుర్తే. పాలసీ మీద అప్పు తీసుకుంటే బాండు ఎల్ఐసీ దగ్గర పెట్టుకుంటారు. అప్పు తీర్చకుండా, ప్రీమియం కట్టకుండా వదిలేస్తే పాలసీని అప్పు కిందే మూసేస్తారు. అసలు బాండు ఇంట్లో ఉందంటే చివరికి అప్పు మిగిలి ఉండే అవకాశం తక్కువ. ఏజెంటు లేకపోతే ఏమీ ఆగదు. దగ్గర్లోని ఏ బ్రాంచిలోనైనా పాలసీ నంబరు చెప్తే స్టేటస్ చూసి, ఫైలు ఏ బ్రాంచిదో చెప్తారు. బాండు దొరకని పాలసీలు ఇంకేమైనా ఉన్నాయేమో licindia.in లో తీసుకోని సొమ్ము వెతికే పేజీ ఉంది, పేరు, పుట్టిన తేదీ కొట్టి చూడండి. అక్కడ కూడా పేరు రకరకాలుగా మార్చి కొట్టాలి.

ఇక డబ్బాలో లేనివి. అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చేది నాన్నగారు చివరిదాకా వాడిన సేవింగ్స్ ఖాతా పాసుపుస్తకం. గత మూడు నాలుగేళ్ల ఎంట్రీలన్నీ ప్రింటు వేయించి, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గీతా చదవండి. మూణ్ణెల్లకోసారి ఒకే మొత్తం జమ పడుతుంటే ఎక్కడో డిపాజిట్ వడ్డీ వస్తోందన్నమాట. `DIV` అని ఉంటే షేర్ల డివిడెండు. `NACH` అని ప్రతి నెలా ఒకే తేదీన పోతుంటే ప్రీమియమో మ్యూచువల్ ఫండో చిట్టీయో. ఏడాదికోసారి పెద్ద మొత్తం పోతుంటే లాకరు అద్దె అయ్యుండొచ్చు. ఏటా మే నెలాఖరులో ఇరవై రూపాయలు పోయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. కానీ అది ప్రమాదంలో పోయినవాళ్లకే, అదీ 70 ఏళ్ల లోపే. గుండెపోటుకి రాదు. ఎవరైనా ఆశపెట్టినా దాని వెనక తిరగకండి.

నాన్నగారికి పాన్ ఉంటే ఇంకో మంచి దారుంది. incometax.gov.in లో వారసురాలిగా మీరు నమోదు చేసుకుంటే ఆయన ఏఐఎస్ అనే వార్షిక పట్టిక చూడొచ్చు. బ్యాంకులు, కంపెనీలు ఆయన పాన్ మీద ఎవరెవరు ఎంత వడ్డీ, ఎంత డివిడెండు ఇచ్చారని ప్రభుత్వానికి చెప్పాయో అందులో ఉంటుంది. ఇంట్లో ఎవరికీ తెలియని బ్యాంకు పేరు అక్కడ బయటపడ్డ సందర్భాలు నేను చూశాను. 2020-21 నుంచే దొరుకుతుంది, పాన్ ఇవ్వని ఖాతాలు అందులో రావు. కొట్టుకి ఐటీ రిటర్నులు వేసిన ఆడిటరు ఉంటే ఆయన్ని కూడా పాత ఫైళ్లు అడగండి. ఏఐఎస్‌లో మ్యూచువల్ ఫండ్ కనిపిస్తే, మిత్రా అనే వెతుకులాట పోర్టల్లో పాత ఫోలియోలు కూడా దొరుకుతాయి.

నాన్నగారి ఫోన్ సిమ్ ఆపేయకండి. ఒక ఏడాది రీచార్జి చేసి ఉంచండి, ప్రీమియం గడువు మెసేజీలు, డిపాజిట్ మెచ్యూరిటీ మెసేజీలు దానికే వస్తాయి. కానీ ఆ ఫోన్‌తోగానీ ఏటీఎం కార్డుతోగానీ డబ్బు తీయొద్దు. మనిషి పోయాక తీసిన ప్రతి రూపాయికీ తరవాత మిగతా వారసులకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

కావలి వెళ్ళినప్పుడు ముందు యూనియన్ బ్యాంకుకి వెళ్ళండి. అన్నిటిలో ఎక్కువ డబ్బు అక్కడే ఉండే అవకాశం, కాగితం కూడా దానికే గట్టిగా ఉంది. రసీదు రెండువైపులా జిరాక్స్ తీసి అది ఇవ్వండి, అసలుది చూపించి మళ్ళీ మీ సంచిలో పెట్టుకోండి. క్లెయిమ్ మంజూరై, డబ్బు అమ్మగారి ఖాతాలో వేసే రోజున మాత్రమే, దానికి రాతపూర్వకంగా అందినట్టు తీసుకుని, అసలు రసీదు ఇవ్వండి.